పావలా ఏ రూపాయి మీద?

విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయికి చిన్న ఫాబ్రికేషన్ షెడ్డు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు, బడి బెంచీలు చేస్తాడు. కిందటేడు ఆడిటరు ఇచ్చిన లెక్కల కాగితం తెచ్చి నా ముందు పడేశాడు.

“ఒరే అబ్బాయ్, ప్రతి కొటేషన్‌లోనూ నూటికి పాతిక వేసుకుంటున్నాను. ఈయనేమో నాకు మిగిలింది నూటికి ఇరవయ్యే అంటున్నాడు. మధ్యలో అయిదు ఎవడు తిన్నాడ్రా?”

ఎవడూ తినలేదు. దొంగతనం జరగలేదు, ఇనుము ధర పెరగలేదు, ఆడిటరు తప్పు చేయలేదు. బాబాయి పాతిక లెక్కేసింది తాను పెట్టిన రూపాయి మీద. ఆడిటరు ఇరవై లెక్కేసింది బాబాయి చేతికి వచ్చిన రూపాయి మీద. మిగిలిన డబ్బు ఒక్కటే. కొలిచిన గిన్నెలే వేరు.

మన పాత మాటల్లో చెబితే సులువుగా తెగిపోతుంది. “రూపాయికి పావలా లాభం” అంటాం. ఏ రూపాయికి? రూపాయి ఖర్చు పెట్టి, దాని మీద పావలా వేసి, రూపాయి పావలాకి అమ్మామనుకోండి. వచ్చిన సొమ్ములో అయిదు పావలాలున్నాయి. అందులో ఒకటి మనది. అంటే ఖర్చు మీద నాలుగో వంతు, అమ్మకం మీద అయిదో వంతు. నూటికి పాతికే నూటికి ఇరవై అయింది. అలా కాకుండా చేతికొచ్చే ప్రతి రూపాయిలోనూ పావలా మనకు మిగలాలంటే, ఖర్చు ముప్పావలా దాటకూడదు. మూడు పావలాల ఖర్చు మీద ఒక పావలా వేసుకోవాలి. అది ఖర్చు మీద మూడో వంతు, నూటికి 33 పైచిలుకు.

ఖర్చు మీద వేసుకునేదాన్ని మార్కప్ అంటారు. అమ్మకం ధరలో మిగిలేదాన్ని మార్జిన్ అంటారు. ఇబ్బందేమిటంటే బజారులో రెంటినీ ‘మార్జిన్’ అనే పిలుస్తారు, ఇంకా మాట్లాడితే రెంటినీ ‘పర్సంటేజీ’ అంటారు. సర్కారు వారి రాతలో కూడా ఈ కలగాపులగం ఉంది. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వులో మందుకు గరిష్ఠ ధర కట్టేటప్పుడు, దుకాణదారుకు పడే ధరల సగటు తీసి దాని మీద 16 శాతం ‘రీటైలరు మార్జిన్’ కలుపుతారు. వంద మీద పదహారు కలిపితే 116. పన్ను సంగతి పక్కన పెడితే, ఆ 116లో దుకాణదారు వాటా నూటికి 13.8. పేరు మార్జిన్, పని మార్కప్.

బాబాయిని తప్పు పట్టలేం. బడిలో మనందరికీ నేర్పింది ఆ లెక్కే. కొన్న వెల, అమ్మిన వెల, తేడా లాభం, ఆ లాభాన్ని కొన్న వెలతో భాగించి వందతో గుణిస్తే లాభ శాతం. అమ్మిన వెలతో భాగించమని ఏ పంతులుగారూ చెప్పలేదు. పెద్దయ్యాక బ్యాంకు మేనేజరు, ఆడిటరు, పెద్ద కంపెనీల పర్చేజు వాళ్లు మాత్రం అమ్మకం మీదే మాట్లాడతారు. ఈ రెండు భాషల మధ్య తర్జుమా చేసుకోకుండా కొటేషన్ రాస్తే ఏమవుతుందో, బాబాయికి అప్పుడే వచ్చిన ఒక పని మీదే చూశాం.

ఒక ప్రైవేటు బడి వాళ్లు ఇద్దరేసి పిల్లలు కూర్చునే బెంచీలు 60 కావాలన్నారు. బల్ల, కూర్చునే పలక కలిసే ఉండే రకం, డ్యూయల్ డెస్క్ అంటారు. ముందుగా ఒక్క బెంచీ ఖర్చు కట్టాం. చట్రానికి 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 1.6 మిల్లీమీటర్ల మందం. ఈ పైపు మీటరు దాదాపు 1.18 కిలోలు తూగుతుంది. బెంచీకి తొమ్మిదిన్నర మీటర్లు పడుతుంది. కోతలో తుక్కు కింద పోయే ముక్కలు కూడా కలుపుకుంటే 12 కిలోలు. కిలో 70 రూపాయల చొప్పున 840. పైన పలకలకు 1,050. వెల్డింగ్ రాడ్లు, గ్రైండింగ్ చక్రాలు, బోల్టులు 130. పౌడర్ కోటింగ్ బయట చేయిస్తాడు, దానికి 280. కూలీ పీసు రేటు, బెంచీకి 500. బడి దాకా ఆటో ట్రాలీ కిరాయిలో ఒక్కో బెంచీ వంతు 100. అంతా కలిపి 2,900. ఈ రేట్లు ఆ షెడ్డువి, ఆ రోజువి. మీ ఊళ్లో, మీ రోజున వేరుగా ఉంటాయి. పద్ధతి మాత్రం మారదు.

బాబాయి అక్కడ ఆగిపోబోయాడు. “షెడ్డు అద్దె ఎవరు కడతారు బాబాయ్?” అన్నాను. “అది లాభంలోంచి వస్తుందిగా” అన్నాడు.

చిన్న షెడ్డుల్లో ఎక్కువమంది జారేది ఇక్కడే. అద్దె 18,000, కరెంటు 7,000, ఫోనూ పెట్రోలూ 2,000, బాబాయి తన ఇంటికి తీసుకెళ్లాల్సిన జీతం 25,000. నెలకు 52,000. పని ఉన్నా లేకపోయినా ఇది నడుస్తూనే ఉంటుంది. యజమాని జీతాన్ని లాభం అనుకునేవాళ్లే ఎక్కువ. కానీ ఆయన ఆ రోజు షెడ్డుకు రాకపోతే ఆ పనికి ఇంకో మేస్త్రిని పెట్టుకోవాలి కదా, కాబట్టి అది ఖర్చే. నెలలో 26 పని దినాలు. రోజుకు 2,000 పడుతుంది. ఈ 60 బెంచీలకు షెడ్డు 9 రోజులు పట్టుబడి ఉంటుందని బాబాయి అంచనా. 18,000. బెంచీకి 300.

ఇప్పుడు అసలు ఖర్చు 3,200 అయింది. అరవైకి 1,92,000. ఇది సరిగా లేకపోతే దీని మీద ఎంత శాతం వేసినా అది గాలిలో మేడే.

బాబాయి పద్ధతిలో దీని మీద నూటికి పాతిక వేశాం. 3,200కి 800 కలిపితే 4,000. అరవైకి 2,40,000. మిగిలేది 48,000. వచ్చిన 2,40,000లో 48,000 అంటే సరిగ్గా నూటికి 20. ఆడిటరు చూపించిన అంకె ఇదే.

“మరి నాకు బిల్లులోనే పాతిక మిగలాలంటే?”

అప్పుడు కలపకూడదు, భాగించాలి. బిల్లు వంద రూపాయలైతే అందులో పాతిక మనది, 75 ఖర్చుది. మన ఖర్చు 3,200 ఆ 75 స్థానంలో నిలబడాలి. 3,200ని 0.75తో భాగిస్తే 4,266 రూపాయల 67 పైసలు. అరవైకి 2,56,000. ఖర్చు పోను 64,000. అది 2,56,000లో నూటికి పాతిక. రెండు కొటేషన్లకీ తేడా 16,000. ఒకే ‘పాతిక’ను రెండు రకాలుగా అర్థం చేసుకున్నందుకు ఒక్క చిన్న ఆర్డరులో వచ్చిన తేడా ఇది. బాబాయి ఆ అంకె కింద రెండు గీతలు గీశాడు.

కొటేషన్లు కంప్యూటర్లో వేసేవాళ్లకు తేడా ఇంత చిన్నగా కనిపిస్తుంది. ఖర్చు B2 గడిలో ఉంటే, మొదటిది ఖర్చు మీద పాతిక, రెండోది అమ్మకంలో పాతిక:

```
=B2*(1+25%)
=B2/(1-25%)
```

కంప్యూటరు, కాలిక్యులేటరు దగ్గర లేనప్పుడు నేను వాడే కిటుకు వంతులది. ఖర్చు మీద వేసుకున్నది ఏ వంతో చూసి, కింద అంకెకు పై అంకె కలపండి. అది అమ్మకంలో వంతు. ఖర్చు మీద నాలుగో వంతు అంటే నాలుగుకు ఒకటి కలిపి అయిదో వంతు. ఖర్చు మీద సగం అంటే అమ్మకంలో మూడో వంతు. ఖర్చంత లాభం, అంటే నూటికి నూరు వేసుకున్నా, అమ్మకంలో సగమే. ఖర్చు మీద అయిదింట రెండు వంతులు, అంటే 40 శాతం వేస్తే అమ్మకంలో ఏడింట రెండు వంతులు, నూటికి ఇరవై ఎనిమిదిన్నర. వెనక్కి రావాలంటే కలపడానికి బదులు తీసేయాలి. అమ్మకంలో అయిదో వంతు కావాలంటే ఖర్చు మీద నాలుగో వంతు వేయాలి. కాఫీ కొట్టు దగ్గర నిలబడి కూడా వేసుకోగల లెక్క.

ఎదుటివాడు చెప్పే శాతం ఏ రకమో తెలియనప్పుడు ఒక గుర్తుంది. ఖర్చు మీద శాతానికి పై హద్దు లేదు. పది రూపాయల సరుకు నలభైకి అమ్మితే 300 శాతం. అమ్మకంలో శాతం వందను ఎప్పటికీ అందుకోలేదు, ఎంతో కొంత ఖర్చు ఉంటుంది కాబట్టి. ఎవరైనా “నూట యాభై పర్సెంటు మార్జిన్” అన్నారంటే వాళ్లు మాట్లాడేది మార్కప్ గురించే. చిన్న శాతాల దగ్గర మాత్రం ఈ గుర్తు పనికిరాదు, అడిగి తెలుసుకోవాల్సిందే. ఖర్చు మీద 5 వేస్తే అమ్మకంలో 4.76, పెద్దగా తెలియదు. శాతం పెరిగేకొద్దీ రెంటి మధ్య అగాధం పెరుగుతుంది. అందుకే కిరాణా కొట్టువాడికి పట్టని ఈ తేడా, ఫాబ్రికేషన్ వాడికి, మాడ్యులర్ కిచెన్లు చేసేవాడికి, కేటరింగ్ వాడికి గట్టిగా తగులుతుంది.

బిల్లు మీద లెక్క ఎందుకు కావాలి, ఎప్పట్లాగే ఖర్చు మీద వేసుకుంటూ పోతే నష్టమేమిటని బాబాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఖర్చు మీద వేసుకోవడంలో తప్పేమీ లేదు, అది ఏ శాతానికి సమానమో తెలిసి వేసుకుంటే. అయితే కొటేషన్ మన చేయి దాటాక దాని మీద పడే కోతలన్నీ బిల్లు మీదే పడతాయి. బేరం బిల్లు మీద. పని ఇప్పించినవాడి కమీషను బిల్లు మీద. ఒక్కటీ మన ఖర్చు చూసి అడగదు.

బేరం సంగతే చూడండి. ఖర్చు మీద పాతిక వేసిన మనిషి, పార్టీ ఇరవై శాతం తగ్గించమంటే లోపల ఏమనుకుంటాడు? పాతికలోంచి ఇరవై పోతే ఇంకా అయిదుంటుంది కదా, ఖాళీగా కూర్చోవడం కంటే నయం అనుకుంటాడు. వంద ఖర్చుకు 125 రాశాడు. 125లో ఇరవై శాతం అంటే పాతిక. మిగిలింది వంద. అయిదు కాదు కదా, పైసా లేదు. ఆ పాతికా ఈ ఇరవయ్యీ వేర్వేరు రూపాయల మీదివి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడానికి వీల్లేదు. అదే లాభాన్ని అమ్మకం మీద లెక్కేసి ఉంటే తన దగ్గరున్నది ఇరవయ్యేనని, ఎదుటివాడు అడుగుతున్నదీ ఇరవయ్యేనని ముందే కళ్లకు కనిపించేది.

కమీషను కూడా అంతే. పని ఇప్పించినవాడికి బిల్లులో 5 శాతం ఇవ్వాలనుకుందాం. పాతికకు అయిదు కలిపి ఖర్చు మీద 30 వేసేస్తారు చాలామంది. మన బెంచీలకు అలా వేస్తే 2,49,600 వస్తుంది. అందులో కమీషను 12,480, ఖర్చు 1,92,000 పోగా మిగిలేది 45,120. బిల్లులో నూటికి 18. పాతికా మిగలాలి, అయిదూ ఇవ్వాలి అంటే ఖర్చుకు మిగిలే చోటు నూటికి 70. 1,92,000ని 0.70తో భాగించాలి. దాదాపు 2,74,286 రాయాలి. బిల్లు మీద పడే కోతలన్నీ ముందు కూడి, వందలోంచి తీసి, మిగిలినదానితో ఒక్కసారి భాగించడమే పద్ధతి. ఒక్కోదాన్నీ ఖర్చు మీద కలుపుకుంటూ పోతే ప్రతి మెట్టు దగ్గరా కొంచెం కొంచెం జారుతుంది.

బడి పనికి కమీషను లేదు. జీఎస్టీ ఉంది. ఈ బెంచీల మీద 18 శాతం. బాబాయి రెగ్యులర్ పద్ధతిలో రిజిస్టరైనవాడు కాబట్టి ఇనుము మీద, పలకల మీద తాను కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకుంటాడు. అందుకే పైన ఖర్చు లెక్కలో పన్ను లేని ధరలే వేశాం. కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. వాళ్లు కొన్నప్పుడు కట్టిన పన్ను కూడా ఖర్చులోనే కూడాలి. తయారీదారుగా అమ్మకాల మీద కట్టే 1 శాతాన్ని పార్టీ దగ్గర వసూలు చేసుకోకూడదు కనుక, దాన్ని కమీషను లాగే వందలోంచి తీసి భాగించాలి.

లాభ శాతం ఎప్పుడూ పన్ను కలపని ధర మీదే చూడాలి. ఆ పన్ను మన జేబులో ఆగే సొమ్ము కాదు. 2,56,000 మీద 46,080 పన్ను, మొత్తం 3,02,080. కొటేషన్ అడుగున ‘జీఎస్టీ అదనం’ అని రాయడం మరిచిపోతే ఏమవుతుందో కూడా బాబాయికి వేసి చూపించాను. బడి వాళ్లు 2,56,000 చేతిలో పెట్టి, అంతా కలిపే కదండీ అంటారు. అప్పుడు అసలు ధర తెలియాలంటే 18 శాతం తీసేయకూడదు, 1.18తో భాగించాలి. మళ్లీ అదే గొడవ, ఏ రూపాయి మీద అని. 2,16,949 వస్తుంది. ఖర్చు పోగా మిగిలేది 24,949. నూటికి పదకొండున్నర. రెండు మాటలు రాయనందుకు 39,000 పోతుంది.

“ఇదివరకు ఒకసారి పోయిందిలే” అన్నాడు బాబాయి, చూపు పక్కకు తిప్పుకుని. ఎవరి దగ్గరో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఖర్చుకు లాభం చేర్చి ధర కట్టడం మన వైపు నుంచి చూసిన లెక్క. పక్క షెడ్డువాడు అదే బెంచీని 3,900కి ఇస్తానంటే మన భాగాహారం ఎంత సరైనదైనా ఆర్డరు రాదు. లెక్క చెప్పేదల్లా ఎంతకు ఇస్తే మనకు ఎంత మిగులుతుందో, ఎక్కడ ఆగాలో. రెండోది, మనం వేసింది అంచనా ఖర్చు. ఖర్చు నూటికి పది పెరిగితే 19,200 అదనం. 2,56,000 బిల్లులో 64,000 కాస్తా 44,800 అవుతుంది. ఇనుము రేటు రోజూ మారే సరుకు కనుక ‘ఈ ధర 15 రోజుల వరకే’ అని రాయడం అందుకే. అంతకంటే ఎక్కువగా తప్పేది రోజుల అంచనా. ఇనుము ఎన్ని కిలోలో తూకం చెబుతుంది. పని ఎన్ని రోజులో మన ఆశ చెబుతుంది.

కొటేషన్ 2,56,000కి వెళ్లింది, జీఎస్టీ అదనం అని కొట్టొచ్చినట్టు రాసి. వారం తర్వాత బడి కరస్పాండెంటు ఫోను చేసి పది శాతం తగ్గించమన్నారట. బాబాయి ఈసారి కాగితం తీసి చూసుకున్నాడు. పది శాతం అంటే 25,600. తనకు మిగలాల్సిన 64,000లో అది నూటికి 40. “అలా కుదరదు సార్, రెండున్నర లక్షలు చేసుకోండి, ఫిట్టింగు కూడా మావాళ్లే వచ్చి చేస్తారు” అన్నాడు. ఆ ఫిట్టింగు ఎలాగూ పీసు రేటులో ఉన్నదే. 2,50,000కి కుదిరింది. మిగలాల్సింది 58,000, బిల్లులో నూటికి 23 రూపాయల 20 పైసలు.

పని 9 రోజుల్లో తెమలలేదు. పౌడర్ కోటింగ్ దగ్గర సరుకు ఆగి 11 రోజులు పట్టింది. రెండు రోజుల షెడ్డు ఖర్చు 4,000 పోయింది. బాబాయికి మిగిలింది 54,000, బిల్లులో నూటికి 21 రూపాయల 60 పైసలు.